ఐదు రోజుల నుంచి నాలుగు రోజులకు మారుతున్నా, జీతం ఎంత తగ్గాలి? హెచ్‌ఆర్‌లో ఇద్దరు రెండు లెక్కలు చెబుతున్నారు

శిరీష_కొండాపూర్ · 8 డిసెంబర్ 2025, ఉదయం 10:14

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. అమ్మకి మోకాలి ఆపరేషన్ అయ్యాక వారంలో ఒక రోజు ఇంట్లో నేనే ఉండాల్సి వస్తోంది. సెలవులు అయిపోయాయి. అందుకని జనవరి నుంచి వారానికి నాలుగు రోజులే పనిచేస్తాను, ఆ మేరకు జీతం తగ్గించండి అని అడిగాను. శుక్రవారం వద్దనుకున్నాను. మేనేజర్ ఒప్పుకున్నారు.

ఇప్పుడు నాకు నెలకు గ్రాస్ 1,50,000. అందులో బేసిక్ 75,000. పీఎఫ్ మాత్రం కంపెనీ 1,800, నాది 1,800 అంతే. ఐదింట నాలుగు పాళ్లు అంటే 1,20,000 వస్తుందని నా లెక్క. హెచ్‌ఆర్‌లో ఒకావిడ "శుక్రవారాలు ఎల్‌ఓపీ, అంటే జీతం లేని సెలవు పెడతాం, సిస్టమే కోసుకుంటుంది" అంది. ఇంకొకతను "సీటీసీని 80 శాతం చేస్తాం" అన్నాడు. మూడూ ఒకటేనా? కాకపోతే నేను దేనికి ఒప్పుకోవాలి? జీతం కాకుండా ఇంకేమైనా తగ్గుతాయా? తెలిసినవాళ్లు చెప్పగలరు.

కార్తీక్_బీ · 8 డిసెంబర్, ఉదయం 10:40

అసలు జీతం ఎందుకు తగ్గించుకుంటున్నారు? నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయిగా. వారానికి నాలుగు రోజులు పనిచేసి పూర్తి జీతం తీసుకోవచ్చని యూట్యూబ్‌లో ఎన్ని వీడియోలు ఉన్నాయో చూడండి. మీ హెచ్‌ఆర్‌కి ఆ లింక్ పంపండి.

శిరీష_కొండాపూర్ · 8 డిసెంబర్, ఉదయం 11:02

కార్తీక్ గారు, అది రోజుకు పన్నెండు గంటలు చేస్తే కదా. వారం గంటలు అవే 48, వాటిని నాలుగు రోజుల్లో కుక్కడం. నాకు కావలసింది గంటలు తగ్గడం, 40 నుంచి 32కి. రోజూ పన్నెండు గంటలు ఆఫీసులో ఉంటే ఇక అమ్మని ఎవరు చూస్తారండీ.

లెక్కలమాస్టారు · 8 డిసెంబర్, మధ్యాహ్నం 1:25

శిరీష గారు, ఇరవై రెండేళ్లు పేరోల్ చేసి మొన్ననే రిటైర్ అయ్యాను. మీ ముగ్గురి లెక్కలూ మూడు వేరు వేరు లెక్కలు. విడివిడిగా చూద్దాం.

మీది అన్నిటికన్నా సులువు. 40 గంటలకు 1,50,000 అయితే 32 గంటలకు 1,20,000. ఏ నెలైనా అంతే, ఆ నెలలో నాలుగు శుక్రవారాలున్నా ఐదున్నా. బేసిక్ 60,000 అవుతుంది. అందరూ మామూలుగా "ప్రపోర్షనేట్" అనేది దీన్నే.

ఎల్‌ఓపీ దారి వేరు. అక్కడ తేడా అంతా భాగహారం దేనితో చేస్తారన్న దాంట్లోనే ఉంటుంది. నెల జీతాన్ని ఆ నెలలోని క్యాలెండర్ రోజులతో భాగించే కంపెనీలు చాలా ఉన్నాయి. జనవరి 2026లో 31 రోజులు, ఐదు శుక్రవారాలు. 1,50,000లో 31వ వంతు ఐదుసార్లు తీస్తే 24,194 పోతుంది, మీకు 1,25,806 వస్తుంది. పని దినాలతో భాగించే కంపెనీ అయితే అదే జనవరిలో 22 పని దినాలు కాబట్టి 34,091 పోతుంది. మే నెలలో ఐదు శుక్రవారాలు, 21 పని దినాలే. అప్పుడు 35,714. మార్చిలో నాలుగే శుక్రవారాలు, 22 పని దినాలు కాబట్టి 27,273. ఏడాది మొత్తం చూస్తే పని దినాల పద్ధతి కూడా దాదాపు 20 శాతం దగ్గరికే వస్తుంది. కానీ నెలనెలా ఊగుతూ ఉంటుంది. ఈఎంఐ కట్టేవాళ్లకి అది తలనొప్పి.

మూడోది సీటీసీ. దాని గురించి సాయంత్రం రాస్తాను, మనవడిని స్కూల్ నుంచి తేవాలి.

వైజాగ్_వాసు · 8 డిసెంబర్, మధ్యాహ్నం 2:10

మాస్టారు చెప్పినదాన్ని బట్టి చూస్తే క్యాలెండర్ రోజుల ఎల్‌ఓపీ బంగారం కదా! 2026లో 52 శుక్రవారాలు. 365లో 52 అంటే 14.25 శాతమే కోత. శిరీష గారికి ఏడాదికి 2,56,000 చిల్లర పోతుంది. మామూలు పద్ధతిలో అయితే 3,60,000. లక్ష పైన మిగులు. హెచ్‌ఆర్ ఆవిడ ఎల్‌ఓపీ అంటే నోరు మూసుకుని సరే అనేయండి 😄

లెక్కలమాస్టారు · 8 డిసెంబర్, సాయంత్రం 6:48

వాసూ, నీ కూడికలో తప్పు లేదు, సలహాలోనే ఉంది. క్యాలెండర్ రోజులతో భాగిస్తే శనాదివారాలకి కూడా జీతం ఉన్నట్టు లెక్క. అందుకే శుక్రవారం ధర తక్కువగా పడుతుంది. ఒకటి రెండు రోజుల గైర్హాజరీ కోసం పెట్టుకున్న సూత్రం అది. ఏడాదికి 52సార్లు వాడితే ఫైనాన్స్‌లో ఎవరో ఒకరు పట్టుకుంటారు. అప్పుడు "పొరపాటున ఎక్కువ ఇచ్చాం" అని వెనక నెలలన్నీ కలిపి ఒక్కసారే కోస్తారు. రెండుసార్లు నేనే కోశాను, కళ్లారా చూశాను.

ఇంకోటి. ఎల్‌ఓపీలో కాగితం మీద ఆమె ఐదు రోజుల ఉద్యోగే. ప్రతి వారం ఒక రోజు రానట్టు లెక్క. చాలా కంపెనీల్లో నెలకు ఇన్ని పనిచేసిన రోజులు ఉంటేనే ఆ నెల సెలవు జమ అవుతుంది. ఏడాదికి ఎల్‌ఓపీ ఇన్ని రోజులు దాటితే హైక్ సైకిల్ నుంచి తీసేసే రూలు కూడా కొన్నిచోట్ల ఉంటుంది. బ్యాంకువాడు పేస్లిప్ చూసి "ప్రతి నెలా ఐదు రోజులు ఎందుకు రావట్లేదు?" అని అడుగుతాడు. అదే "32 గంటల ఉద్యోగి, జీతం 1,20,000" అని ఉంటే ఆ ప్రశ్నే రాదు.

ఇక సీటీసీ. అందులో గ్రాస్ ఒక్కటే ఉండదు. కంపెనీ పీఎఫ్ ఏడాదికి 21,600, ఇన్సూరెన్స్ ప్రీమియం, గ్రాట్యుటీకి పక్కన పెట్టేది కూడా ఉంటాయి. ప్రీమియం 24,000 అనుకుందాం. నాలుగు రోజులకు మారినంత మాత్రాన ఇన్సూరెన్స్ కంపెనీ ప్రీమియం తగ్గించదు. బేసిక్ 60,000 అయినా పీఎఫ్ 15,000 పరిమితి మీదే కడుతున్నారు కాబట్టి 1,800 కూడా మారదు. అంటే 45,600 కదలదు. కానీ సీటీసీ మొత్తాన్ని 80 శాతం చేస్తే ఆ 45,600లో ఐదో వంతు, 9,120, మిగతా జీతంలోంచి పోతుంది. ఏడాదికి తొమ్మిది వేలు పెద్ద మొత్తం కాకపోవచ్చు. అయినా అడిగితే పోయేది లేదు: "గ్రాస్‌ని 80 శాతం చేయండి, ఇన్సూరెన్స్, పీఎఫ్ ఉన్నట్టే ఉంచండి."

బెజవాడ_అకౌంట్స్ · 8 డిసెంబర్, రాత్రి 8:30

మాస్టారు గ్రాస్ దాకా చెప్పారు. చేతికి వచ్చేది ఎంత తగ్గుతుందో నేను చెబుతాను, ఎందుకంటే 20 శాతం అనగానే అందరూ బెదిరిపోతారు.

కొత్త పద్ధతిలో, ఈ ఆర్థిక సంవత్సరం శ్లాబులతో, పూర్తి ఏడాదికి వేస్తున్నాను. 18 లక్షల గ్రాస్‌లో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోతే 17,25,000. పన్ను, సెస్ కలిపి 1,50,800. ఇప్పుడు 14,40,000 అయితే డిడక్షన్ పోగా 13,65,000. పన్ను 88,140. అంటే గ్రాస్ 3,60,000 తగ్గితే పన్ను 62,660 తగ్గింది. పీఎఫ్, ప్రొఫెషనల్ టాక్స్ పక్కన పెడితే చేతికి వచ్చేది ఏడాదికి 2,97,340 తగ్గుతుంది, అంటే 18 శాతం. మీరు వదులుకునే పై లక్షలు పై శ్లాబులో ఉన్నవి కాబట్టి కోత చేతికి కాస్త మెత్తగా తగులుతుంది.

మా ఆఫీసులో దీనికి పూర్తి ఉల్టా కేసు వచ్చింది. ఒకాయన గ్రాస్ 24,000. నాలుగు రోజులకు మారితే 19,200. ఈఎస్ఐ పరిమితి 21,000 కదా, ఆయన దాని కిందకి వచ్చేశారు. ఆయన జీతంలో 0.75 శాతం, అంటే 144 కోత మొదలైంది. కంపెనీ 3.25 శాతం కట్టాలి. మా ఓనర్ గారు "జీతం తగ్గిస్తే ఖర్చు పెరిగిందేంటయ్యా" అన్నారు. ఆయనకి మాత్రం ఇంటిల్లిపాదికీ ఈఎస్ఐ ఆసుపత్రి దొరికింది.

ప్రశాంతి_మియాపూర్ · 8 డిసెంబర్, రాత్రి 9:15

అయ్యో నాది కూడా వేసి పెట్టరా అకౌంట్స్ గారు! నాది ఏడాదికి 15,50,000. పాప కోసం నాలుగు రోజులకు మారదామని రెండేళ్లుగా అనుకుంటూనే ఉన్నాం. మా ఆయన వద్దంటున్నాడు, మూడు లక్షలు పోతాయని.

బెజవాడ_అకౌంట్స్ · 8 డిసెంబర్, రాత్రి 9:41

ప్రశాంతి గారు, మీ కేసు శిరీష గారి కన్నా బాగుంది. 15,50,000 మీద ఇప్పుడు మీరు కట్టే పన్ను 1,05,300. ఐదింట నాలుగు పాళ్లు అంటే 12,40,000. అందులో 75,000 పోతే 11,65,000. పన్నెండు లక్షల లోపు కాబట్టి రిబేట్ వచ్చి పన్ను సున్నా. గ్రాస్ 3,10,000 తగ్గుతుంది, చేతికి వచ్చేది 2,04,700 మాత్రమే. ఐదో వంతు పని వదిలేస్తే ఏడో వంతు డబ్బే పోయింది. అయితే జీతం కాకుండా వడ్డీ, అద్దె లాంటి ఆదాయం ఉంటే 12 లక్షల గీత దాటుతారేమో చూసుకోండి.

ప్రశాంతి_మియాపూర్ · 8 డిసెంబర్, రాత్రి 9:44

స్క్రీన్‌షాట్ తీసి మా ఆయనకి పంపాను. "చూద్దాం" అన్నాడు. మా ఇంట్లో చూద్దాం అంటే సగం సరే అన్నట్టే.

సత్యం_గుంటూరు · 9 డిసెంబర్, ఉదయం 7:20

అందరూ జీతం దగ్గరే ఆగిపోయారు. గ్రాట్యుటీకి ఏడాదికి 240 రోజులు పనిచేయాలి. వారానికి నాలుగు రోజులంటే 52 వారాలకి 208 రోజులే. అంటే నాలుగు రోజుల ఉద్యోగికి ఆ ఏడాది సర్వీసులో లెక్కకు రాదు. మా బావమరిదికి ఇలాగే పోయింది. అమ్మా, తొందరపడకు.

లెక్కలమాస్టారు · 9 డిసెంబర్, ఉదయం 9:05

సత్యం గారు, గ్రాట్యుటీ ఊసు ఎత్తడం మంచి పనే. భయం ఉండాల్సింది మాత్రం వేరేచోట.

240 వారానికి ఆరు రోజులు నడిచే చోటికి. ఆరు రోజుల కన్నా తక్కువ నడిచే ఆఫీసుకి 190 రోజులు చాలు. పాత గ్రాట్యుటీ చట్టంలోనూ ఉంది, ఇప్పటి సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఉంది. పైగా ఈ రోజుల లెక్క సర్వీసు మధ్యలో తెగిపోయిందన్న వాదన వచ్చినప్పుడే అక్కరకొస్తుంది. రోల్స్‌లో ఉంటూ కంపెనీ ఒప్పుకున్న రోజులు పనిచేసేవాళ్లకి సర్వీసు తెగినట్టు కాదు. మీ బావమరిదిగారి కేసులో ఇంకేదో ఉండి ఉంటుంది.

అసలు నష్టం ఇక్కడ ఉంది. గ్రాట్యుటీని చివరి జీతం మీద కడతారు. చివరి నెల బేసిక్‌ని 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్లతో గుణిస్తారు. శిరీష గారు ఈ రోజు మానేస్తే 75,000 మీద తొమ్మిదేళ్లకి 3,89,423. నాలుగు రోజులకు మారాక మానేస్తే అదే తొమ్మిదేళ్లకి 60,000 మీద 3,11,538. గడిచిన తొమ్మిదేళ్లూ ఆమె వారానికి ఐదు రోజులే పనిచేసింది. ఒక్క రోజు కూడా తగ్గించుకోలేదు. అయినా 77,885 పోయింది. జీతంలో జరిగిన కోత ముందుకు మాత్రమే. ఇది వెనక్కి కూడా పాకుతుంది.

చట్టంలో దీనికి ఒక మినహాయింపు ఉంది. ప్రమాదం వల్లో జబ్బు వల్లో అశక్తత వచ్చి తక్కువ జీతానికి మారినవాళ్లకి పాత ఏళ్లని పాత జీతం మీద, కొత్త ఏళ్లని కొత్త జీతం మీద విడివిడిగా కడతారు. తానుగా కోరి గంటలు తగ్గించుకున్నవాళ్లకి ఆ వెసులుబాటు రాయలేదు. కానీ చట్టం చెప్పినదాని కన్నా మెరుగ్గా ఇవ్వడానికి కంపెనీకి అడ్డమేమీ లేదు. కాబట్టి ఉత్తరంలో ఒక్క వాక్యం రాయించుకోండి: 31 డిసెంబర్ 2025 వరకు సర్వీసుకి గ్రాట్యుటీ 75,000 బేసిక్ మీద కడతామని.

వైజాగ్_వాసు · 9 డిసెంబర్, ఉదయం 9:32

మాస్టారు, చివరి జీతమే లెక్క అయితే మానేసే ముందు మళ్లీ ఐదు రోజులకి వచ్చేస్తే సరిపోదా? రెండు నెలలు పూర్తిగా చేసి రాజీనామా పెడితే మొత్తం సర్వీసుకి 75,000 మీదే వస్తుందిగా?

లెక్కలమాస్టారు · 9 డిసెంబర్, ఉదయం 9:50

వస్తుంది. ఈసారి నీ లెక్కా కరెక్టే, సలహా కూడా పూర్తిగా తప్పు కాదు. కానీ ఐదు రోజులకు తిరిగి రావడం నీ చేతిలో ఉందా, మేనేజర్ చేతిలో ఉందా? ఉత్తరంలో ఆ హక్కు లేకపోతే "ఇప్పుడు బడ్జెట్ లేదు" అని ఒక్క మెయిల్ చాలు.

శిరీష_కొండాపూర్ · 9 డిసెంబర్, ఉదయం 11:15

గ్రాట్యుటీ సంగతి నాకు అసలు తట్టలేదు మాస్టారు. మంచి పని చేశారు. ఇంకోటి, నా దగ్గర ఎన్‌క్యాష్ చేసుకోగల ఎర్న్‌డ్ లీవ్ 40 రోజులు ఉంది. అది మానేసేటప్పుడే వాడాలి, మామూలుగా తీసుకోనివ్వరు. అదీ తగ్గుతుందా?

లెక్కలమాస్టారు · 9 డిసెంబర్, ఉదయం 11:40

మీ కంపెనీ బేసిక్‌ని 30తో భాగిస్తుందనుకుంటే ఇప్పుడు రోజుకి 2,500, మారాక 2,000. 40 రోజులకి లక్ష కాస్తా 80,000. అయితే డబ్బుగా కాకుండా సెలవుగా వాడుకోనిస్తే బొమ్మ తిరగబడుతుంది. ఐదు రోజుల వారానికి 40 రోజులు ఎనిమిది వారాలు. నాలుగు రోజుల వారానికి అవే పది వారాలు. అందుకే కొన్ని కంపెనీలు మారే రోజున పాత సెలవుల్ని కూడా 80 శాతం చేసి 32 అంటాయి. సెలవుగా వాడేవాళ్లకి అది న్యాయమే. డబ్బుగా తీసుకునేవాళ్లకి మాత్రం రెండుసార్లు కోసినట్టు. రోజులూ తగ్గాయి, రోజు ధరా తగ్గింది. మీరు జనవరికి ముందే పాత ధరకి ఎన్‌క్యాష్ చేయమని అడగండి.

మాధవి_లీడ్స్ · 9 డిసెంబర్, మధ్యాహ్నం 3:30

శిరీష గారు, యూకేలో నాలుగు రోజులు చేసి మూడేళ్లయింది. ఇక్కడ ఇది చాలా మామూలు విషయం. అందుకని మీవాళ్లెవరూ ఎత్తని ఒకటి అడుగుతాను. పండగ సెలవులు?

ఇక్కడ పూర్తి సమయం వాళ్లకి చట్టప్రకారం కనీసం 28 రోజులు, నాలుగు రోజుల వాళ్లకి 22.4. బ్యాంక్ హాలిడేలు కూడా ఆ కుండలోనే వేస్తారు చాలా కంపెనీలు. నా రోజున బ్యాంక్ హాలిడే వస్తే నా కుండలోంచి ఒకటి తీస్తారు, రాకపోతే తీయరు. దానివల్ల సోమవారం పనిచేయనివాడికి నష్టం ఉండదు. ఇక్కడ బ్యాంక్ హాలిడేలు ఎక్కువగా సోమవారాలేగా.

మీ దగ్గర కుండ పద్ధతి లేకపోతే ఏ రోజు వదులుకుంటున్నారన్నది చాలా ముఖ్యం. మీ కంపెనీ 2026 సెలవుల జాబితా పెట్టండి.

శిరీష_కొండాపూర్ · 9 డిసెంబర్, సాయంత్రం 5:10

పది సెలవులు: జనవరి 1, సంక్రాంతి 15, జనవరి 26, గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 3, మే 1, జూన్ 2, వినాయక చవితి సెప్టెంబర్ 14, అక్టోబర్ 2, దసరా అక్టోబర్ 20, డిసెంబర్ 25.

మాధవి_లీడ్స్ · 9 డిసెంబర్, సాయంత్రం 5:26

చూశారా! గుడ్ ఫ్రైడే ఎలాగూ శుక్రవారమే. మే 1, అక్టోబర్ 2, డిసెంబర్ 25 కూడా 2026లో శుక్రవారాలే. పదిలో నాలుగు మీరు ఎలాగూ రాని రోజున పడుతున్నాయి. మిగిలేవి ఆరు. పాళ్ల ప్రకారం మీకు రావలసినవి ఎనిమిది. అంటే రెండు రోజులు ఊరికే కంపెనీకి ఇస్తున్నారు. మీ జాబితాలో బుధవారం పడిన సెలవు ఒక్కటీ లేదు. బుధవారం వదులుకుంటే పదీ మీవే.

అమ్మగారికి శుక్రవారమే కావాలంటే ఎనిమిదికి తక్కువైన రెండు రోజుల్ని వేరే రోజుల్లో ఇవ్వమని అడగండి.

శిరీష_కొండాపూర్ · 9 డిసెంబర్, సాయంత్రం 5:58

అమ్మ ఫిజియో ఆవిడ బుధవారం కూడా వస్తానంది. నేను శుక్రవారం అన్నది లాంగ్ వీకెండ్ ఆశతోనే, ఒప్పుకుంటున్నాను. మేనేజర్‌ని అడిగి చూస్తాను.

హరి_రెడింగ్ · 9 డిసెంబర్, రాత్రి 10:05

మాధవి గారు, నేనూ యూకేలోనే. నాది £46,000, స్కిల్డ్ వర్కర్ వీసా. నాలుగు రోజులకు మారితే £36,800. ఇక్కడ పాళ్ల ప్రకారం తగ్గడం మామూలే అన్నారు కాబట్టి వీసాకి ఇబ్బంది ఉండదు కదా?

మాధవి_లీడ్స్ · 9 డిసెంబర్, రాత్రి 10:30

హరి గారు ఆగండి, ఆగండి. నేను సిటిజన్‌ని, నాకు ఆ గొడవ లేదు. మీకు ఉంది. వీసా జీతంలో రెండు గీతలుంటాయి. మీ ఉద్యోగానికి ఉన్న గోయింగ్ రేట్‌ని గంటల పాళ్లలో తగ్గించి చూస్తారు. కానీ సాధారణ గీతని గంటలతో తగ్గించరు. 2025 జూలై 22 నుంచి అది £41,700. నాలుగు రోజులైనా రెండు రోజులైనా అంతే. 2024 ఏప్రిల్ 4కి ముందు నుంచి ఈ వీసా మీదే ఉన్నవాళ్లకి గీత తక్కువ. మీకు ఏది వర్తిస్తుందో చూడకుండా మేనేజర్‌తో మాట కలపకండి. జీతం తగ్గితే స్పాన్సర్ హోమ్ ఆఫీస్‌కి చెప్పి తీరాలి.

హరి_రెడింగ్ · 9 డిసెంబర్, రాత్రి 10:33

2024 సెప్టెంబర్‌లో వచ్చానండీ. అయితే నాకు లేదు 😐

కార్తీక్_బీ · 10 డిసెంబర్, ఉదయం 8:15

ఇన్ని లెక్కలు వేశారు బాగానే ఉంది. పని ఎంత తగ్గిస్తారో ఎవరైనా రాశారా? మా టీమ్‌లో ఒకావిడ నాలుగు రోజులకి మారింది. టికెట్లు అవే, రిలీజ్‌లు అవే. ఐదో రోజు ఫోన్ మోగుతూనే ఉండేది. 80 శాతం జీతానికి 100 శాతం పని. ఆర్నెల్లకి మళ్లీ ఐదు రోజులకి వచ్చేసింది, కనీసం జీతమైనా వస్తుందని.

శిరీష_కొండాపూర్ · 10 డిసెంబర్, ఉదయం 8:50

ఇది నిజం. నాకున్న టెన్షన్ అంతా ఇదే. మూడు మాడ్యూళ్లలో ఒకటి వేరేవాళ్లకి ఇస్తానని మేనేజర్ నోటితో చెప్పారు. మెయిల్ మాత్రం పెట్టలేదు.

లెక్కలమాస్టారు · 10 డిసెంబర్, ఉదయం 10:20

ఆ మెయిల్ అడగండి. ఉత్తరంలో జీతం రాసే తీరు కూడా చెబుతాను, ఎందుకంటే తర్వాత గొడవలన్నీ అక్కడే పుడతాయి. "మీ సవరించిన జీతం 1,20,000" అని ఒక్క ముక్క రాస్తే ఏడాది తర్వాత కొత్త హెచ్‌ఆర్‌కి మీరు 1,20,000 ఉద్యోగి మాత్రమే. మీ గ్రేడ్‌లో అందరికన్నా తక్కువ జీతం కనిపిస్తుంది. ఐదు రోజులకి తిరిగి వస్తానంటే "25 శాతం హైక్ అడుగుతోంది" అంటారు. నిజంగా అన్నారు, అందుకే చెబుతున్నా. లెక్క అలాంటిది మరి. 20 శాతం దిగిన మెట్టు ఎక్కాలంటే 25 శాతం ఎక్కాలి.

అందుకని ఇలా రాయించండి: పూర్తికాలపు జీతం నెలకు 1,50,000, పని పాళ్లు 80 శాతం, చెల్లించే జీతం 1,20,000. హైక్ పూర్తికాలపు జీతానికి వేసి, తర్వాత 80 శాతం తీయాలి. బోనస్ కూడా అంతే. నాలుగు రోజులకు మారాక మొదటి మూడు నెలలు కలిసిన ఈ ఆర్థిక సంవత్సరానికి బోనస్ ఎలా కడతారో కూడా అడగండి. సంవత్సరం చివర ఉన్న జీతం మీద కడితే పూర్తిగా పనిచేసిన తొమ్మిది నెలలకి కూడా కోత పడుతుంది. గ్రాట్యుటీ కథే మళ్లీ.

శిరీష_కొండాపూర్ · 17 డిసెంబర్, సాయంత్రం 7:12

అప్‌డేట్. బుధవారానికి మేనేజర్ సరే అన్నారు. గ్రాస్ 80 శాతం, ఇన్సూరెన్స్ ఉన్నట్టే. పూర్తికాలపు జీతం రాయడానికీ ఒప్పుకున్నారు. లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్ కుదరదన్నారు, కానీ 40 రోజులు 40గానే ఉంటాయట. గ్రాట్యుటీ వాక్యం లీగల్‌కి పంపారు. ఏడాదికి 18 సెలవులు ఉండేవి, 14.4 చేస్తారట. అది న్యాయమేనా?

మాధవి_లీడ్స్ · 17 డిసెంబర్, రాత్రి 8:02

న్యాయమే. 18ని ఐదుతో భాగించినా, 14.4ని నాలుగుతో భాగించినా 3.6 వారాలే వస్తుంది. 0.4ని కింది అంకెకి కొట్టేయకుండా చూసుకోండి చాలు.

శిరీష_కొండాపూర్ · 2 ఫిబ్రవరి 2026, ఉదయం 9:30

మొదటి జీతం వచ్చింది. రావలసింది 1,20,000. పేస్లిప్‌లో గ్రాస్ 1,30,645! కింద చూస్తే "ఎల్‌ఓపీ 4 రోజులు" అని ఉంది. అంటే ఉత్తరం ఒక దారి, పేరోల్ ఇంకో దారి. జనవరిలో నాలుగు బుధవారాలు కదా, 31తో భాగించి నాలుగు రోజులు కోశారు. నేనే మెయిల్ పెట్టాను. వచ్చే నెల 10,645 సర్దుతామన్నారు. సెలవు జమ మాత్రం ఈ నెల సున్నా చూపిస్తోంది.

వైజాగ్_వాసు · 2 ఫిబ్రవరి, ఉదయం 9:41

మీరే మెయిల్ పెట్టారా? చేతులెత్తి దండం పెడుతున్నా.

లెక్కలమాస్టారు · 2 ఫిబ్రవరి, ఉదయం 10:15

మంచి పని చేశారు. డబ్బు సర్దడం తేలిక. సిస్టమ్‌లో మీ వారం షిఫ్ట్ మార్చకుండా ఎల్‌ఓపీతో నెట్టుకొస్తున్నారు, అదే అసలు జబ్బు. మీ హాజరు క్యాలెండర్‌లో బుధవారం వీక్లీ ఆఫ్‌గా కనిపిస్తోందా, గైర్హాజరీగా కనిపిస్తోందా చూడండి. వీక్లీ ఆఫ్‌గా మారేదాకా ప్రతి నెలా ఇదే వస్తుంది, సెలవు జమ కూడా ఆగుతుంది. జనవరి రికార్డులో ఆ నాలుగు ఎల్‌ఓపీలూ తీసేయమని కూడా అడగండి, సర్దుబాటు మాత్రమే చేసి వదిలేస్తారు.

గ్రాట్యుటీ వాక్యం ఏమైంది?

శిరీష_కొండాపూర్ · 2 ఫిబ్రవరి, ఉదయం 10:22

గైర్హాజరీ అనే ఉంది మాస్టారు, ఎర్ర రంగులో. ఇప్పుడే టికెట్ పెట్టాను. గ్రాట్యుటీ వాక్యం ఇంకా లీగల్ దగ్గరే ఉంది. "ఒకరికి ఇస్తే అందరికీ ఇవ్వాలి" అంటున్నారట.